11 మంది చెప్పిన మాట ఎంత దూరం వెళ్తుంది? పరిమితుల విభాగం రాయడంపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ముందుగా రెండు వాక్యాలు చదువుతాను, వినండి. "నమూనా పరిమాణం చిన్నది కావడం వల్ల ఈ అధ్యయన ఫలితాలను సాధారణీకరించడం సాధ్యం కాదు. భవిష్యత్తులో పెద్ద నమూనాతో పరిశోధన జరగవలసి ఉంది." ఈ మాటలు ఎప్పుడైనా రాసినవాళ్లు చేతులెత్తండి. (నవ్వులు) నేనూ ఎత్తాను, చూశారు కదా. నా థీసిస్‌లో దాదాపు ఇవే మాటలు ఉన్నాయి.

ఇప్పుడు ఒక పని చేద్దాం. ఈ రెండు వాక్యాలను మీ వ్యాసంలోంచి తీసి మీ పక్కన కూర్చున్నవారి వ్యాసంలో అతికించండి. అక్కడా చక్కగా అతుకుతాయి. మీరు రోగులతో మాట్లాడి ఉంటారు, వారు ఉపాధ్యాయులతో మాట్లాడి ఉంటారు. అయినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అంటే ఆ వాక్యాల్లో మీ అధ్యయనం గురించి ఏమీ లేదన్నమాట. పరిమితుల విభాగాన్ని సమీక్షకురాలిగా చదివేటప్పుడు నేను మొదట పెట్టే పరీక్ష ఇదే. ఏ వాక్యం ఇంకో వ్యాసంలోకి మారకుండా ఇక్కడే పాతుకుని ఉంటుందో దాని కోసం వెతుకుతాను. చాలాసార్లు ఒక్కటీ దొరకదు.

ఇలాంటి వాక్యం ఎందుకు రాస్తామంటే, భయం వల్ల. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు, ఎవరూ అడగకముందే "మాది చిన్న నమూనా, క్షమించండి" అంటాం. మరికొందరికి ఇది ముందస్తు బెయిలు లాంటిది. వ్యాసమంతా పెద్దపెద్ద మాటలు చెప్పి, చివర్లో ఒక పేరా పడేస్తారు. రేపు ఎవరైనా నిలదీస్తే "మేం అప్పుడే చెప్పాం" అనవచ్చు. ఒకరిది బెరుకు, మరొకరిది జాణతనం. చదివేవారికి మాత్రం ఇద్దరి దగ్గరా దొరికేది శూన్యమే.

అసలు చిక్కు "నమూనా చిన్నది" అనే మాటలోనే ఉంది. కాసేపు దాని దగ్గరే ఆగుదాం.

11 మందితో లోతుగా ఇంటర్వ్యూలు చేశారనుకుందాం. "11 చాలా తక్కువ" అని మీరే రాశారు. సరే, 110 చేసి ఉంటే ఏమయ్యేది? పరిచయస్తుల ద్వారా దొరికినవారు 11 మందయినా 110 మందయినా "ఈ వృత్తిలో ఉన్నవారిలో ఇంత శాతం ఇలా అనుకుంటున్నారు" అని చెప్పే హక్కు రాదు. శాతాలు చెప్పాలంటే ఎంపిక వేరే పద్ధతిలో జరగాలి. మీ అధ్యయనం శాతాలు చెప్పడానికి చేసింది కాదు. ఒక అనుభవం ఎలా మొదలై ఎలా ముదురుతుందో, ఒక నిర్ణయం ఏ మెట్లు దాటి వస్తుందో చూపడానికి చేసింది. చేయని పనికి క్షమాపణ చెప్పుకుంటే, చేసిన పని కూడా అదే కొలతతో చిన్నదిగా కనిపిస్తుంది. మీ రచనకు హాని జరిగేది ఇక్కడే. పరిమితిని ఒప్పుకున్నందుకు కాదు, మీది కాని పరిమితిని నెత్తిన వేసుకున్నందుకు.

మరి గుణాత్మక అధ్యయనం ఇంకో చోటికి ఎలా వర్తిస్తుంది? పరిశోధనా పద్ధతుల మీద రాసిన లింకన్, గూబా 1985లోనే దీన్ని స్పష్టం చేశారు. ఫలితం మరో సందర్భానికి సరిపోతుందా లేదా అని తేల్చేది ఆ సందర్భం తెలిసిన పాఠకులు. అలా తేల్చుకోవడానికి కావలసిన వివరం ఇవ్వడం రచయిత బాధ్యత. దీన్ని అన్వయ యోగ్యత అంటున్నాం. ఈ కోణం నుంచి చూస్తే పరిమితుల విభాగం పని మారిపోతుంది. "ఇది మీకు వర్తించదు" అని చేతులెత్తేయడం కాదు, "ఏ పరిస్థితుల్లో నేను దీన్ని చూశానో, ఏ పరిస్థితులు నాకు కనపడలేదో ఇవిగో" అని చెప్పడం దాని పని.

ఇంకో ముచ్చట. ఈ మధ్య కొందరు క్షమాపణ మానేసి ఎదురు తిరుగుతున్నారు. "12 ఇంటర్వ్యూలు చాలని రుజువైంది" అంటూ గెస్ట్, బన్స్, జాన్సన్‌ల 2006 వ్యాసాన్ని చూపిస్తారు. ఆ వ్యాసంలో ఏముందో కాస్త నిదానంగా చూడండి. ఘానా, నైజీరియాలలో మహిళలతో చేసిన 60 ఇంటర్వ్యూలను వాళ్లు విడతలవారీగా విశ్లేషించారు. మొదటి 12 లోపే కొత్త కోడ్‌లు, అంటే మాటల్లోని విషయాలకు పెట్టుకునే గుర్తులు, రావడం దాదాపు ఆగిపోయిందని, పెద్ద ఇతివృత్తాల మౌలికాంశాలు 6 దగ్గరే కనిపించాయని చెప్పారు. అయితే మాట్లాడినవాళ్లు చాలావరకు ఒకే రకమైనవాళ్లు, అందరినీ దాదాపు ఒకే ప్రశ్నలు అడిగారు, ఆ షరతు రచయితలే పెట్టారు. మనవాళ్లు అంకెను తెచ్చుకుని షరతును అక్కడే వదిలేశారు. 2017లో హెన్నింక్, కైజర్, మార్కోనీ 25 ఇంటర్వ్యూలు తీసుకుని ఇదే ప్రశ్నను రెండుగా విడదీశారు. ఏయే విషయాలు ఉన్నాయో తెలియడానికి 9 ఇంటర్వ్యూలు సరిపోయాయి. ఆ విషయాలను లోతుగా అర్థం చేసుకోవడానికి 16 నుంచి 24 దాకా పట్టాయి. కాబట్టి ఇక కొత్తదేమీ రావడం లేదని చెబుతూ "సంతృప్త స్థాయికి చేరాం" అని రాసేముందు, ఏ అర్థంలో చేరారో చెప్పాలి. 11వ ఇంటర్వ్యూ తర్వాత డబ్బులు అయిపోయి ఆపి ఉంటే, డబ్బులు అయిపోయి ఆపామనే రాయండి. అందులో తప్పేమీ లేదు. దాన్ని సంతృప్త స్థాయి అనడం తప్పు.

నాకు ఎక్కువగా నచ్చేది 2016లో మాల్టెరుడ్, ఆమె సహచరులు ప్రతిపాదించిన ఆలోచన. దాన్ని సమాచార బలం అనుకుందాం. మీ ప్రశ్న ఎంత ఇరుకైనది, మాట్లాడినవారికి ఆ ప్రశ్నతో ఎంత దగ్గరి సంబంధం ఉంది, ఆధారపడ్డ సిద్ధాంతం ఏమిటి, సంభాషణ ఎంత చిక్కగా సాగింది, విశ్లేషణ ఎలా చేశారు, ఈ ఐదింటి మీదా ఎంతమంది చాలన్నది ఆధారపడుతుంది. మీరు ఐదూ వరుసగా రాసి మార్కులు వేసుకోనక్కర్లేదు. వాటిలో మీ దగ్గర బలహీనమైనది ఏదో వెతకండి. మీ అసలు పరిమితి సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇక ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది నేను కల్పించిన అధ్యయనం. కానీ ఇందులోని ప్రతి చిక్కూ ఎక్కడో ఒక వ్యాసంలో నాకు ఎదురైనదే.

ఒక పరిశోధకురాలు, ఒకప్పుడు తానూ నర్సుగా పనిచేసినావిడ, చేరిన రెండేళ్లలోపే ఉద్యోగం వదిలేసిన 11 మంది నర్సులతో మాట్లాడింది. పనిభారం గురించి వింటాననుకుని వెళ్లింది. విన్నది మాత్రం ఇంకొకటి. 9 మంది ఒకే క్రమం చెప్పారు. మొదట్లో తెలియనిది సీనియర్లను అడిగేవారు. ఒకసారి గట్టిగా దెబ్బతిన్నారు, అందరి ముందూ మాట పడ్డారు. ఆ తర్వాత అడగడం మానేశారు. తెలియకపోయినా తెలిసినట్లే పనిచేశారు. తప్పు జరుగుతుందేమోనన్న భయంతో కొన్ని నెలలు గడిపి, ఆ తర్వాత రాజీనామా చేశారు. మిగిలిన ఇద్దరూ అంతకుముందు వేరే చోట పనిచేసి వచ్చినవాళ్లు, వాళ్ల కథలో ఈ మౌనం లేదు. చాలా విలువైన సంగతి ఇది. ఉద్యోగం మానడానికి ముందు అడగడం మానేయడం అనే ఒక దశ ఉందని చూపిస్తోంది.

ఇప్పుడు ఆవిడ రాసిన పరిమితుల పేరా. నమూనా చిన్నది. ఒకే నగరంలో జరిగింది. ఇంటర్వ్యూలు ఫోనులో చేశారు. పాల్గొన్నవారు స్వయంగా చెప్పిన సమాచారం మీద ఆధారపడ్డారు. పరిశోధకురాలి పక్షపాతం ఉండే అవకాశం ఉంది. ఐదు పరిమితులు, ఐదూ నిజమే. కానీ దీన్ని చదివాక ఆ 9 మంది కథను ఎంతవరకు నమ్మాలో మీకు తెలిసిందా? నాకు తెలియలేదు.

ఆమె నా ఎదురుగా కూర్చుంటే ఒకే ప్రశ్న అడుగుతాను. "అమ్మా, మీ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఏది?" ఆమె చెబుతుంది: "కొత్త నర్సులు ఉద్యోగం వదిలేముందు అడగడం మానేస్తారు, ఆ మౌనమే వారిని బయటికి నెడుతుంది." బాగుంది. ఇప్పుడు ఆ వాక్యానికి శత్రువు ఎవరు? మీ డేటా సేకరణలో జరిగినవాటిలో ఏది ఆ వాక్యాన్ని వంచగలదు? ఫోను వంచుతుందా? పెద్దగా వంచదు. ఒక నగరం అన్నది పాఠకులకు ఉపయోగపడే సందర్భ వివరమే తప్ప ఈ వాక్యానికి శత్రువు కాదు, పద్ధతుల విభాగంలో ఉంటే చాలు. "స్వయంగా చెప్పిన సమాచారం" అన్నది ఇంటర్వ్యూకు నిర్వచనమే, అది పరిమితి ఎలా అవుతుంది? ఇలా మూడు కొట్టేయవచ్చు. కొట్టేశాక, ఆమె విడమరచి రాయని నాలుగు బయటపడతాయి.

మొదటిది కాలం. ఈ 11 మందితో ఆమె మాట్లాడింది వాళ్లు ఉద్యోగం మానేసిన ఏడాది నుంచి మూడేళ్ల తర్వాత. మనిషి జ్ఞాపకానికి ఒక స్వభావం ఉంది. జరిగినదాన్ని తర్వాత చెప్పుకునేటప్పుడు కథగా అల్లుకుంటుంది, ఒక మలుపును వెతుక్కుంటుంది. అడిగి మాట పడ్డ ఆ రోజు నిజంగానే మలుపా? లేక ఉద్యోగం మానేశాక, వెనక్కి చూస్తే మలుపులా కనిపించిందా? ఇది మామూలు సందేహం కాదు. సరిగ్గా ఆ ముఖ్య వాక్యంలోని "ముందు" అనే మాటకు గురిపెట్టింది. ఇక్కడ "జ్ఞాపక దోషం ఉండవచ్చు" అని రాస్తే చాలదు, అది ఏ వైపు లాగుతుందో రాయాలి. ఇది కథను ఉన్నదానికన్నా వరుసగా, చక్కగా కనిపించేటట్లు చేసే వైపు లాగుతుంది.

ఆమె ఒక మంచి పని చేసింది, కానీ రాయడం మరిచిపోయింది. ముగ్గురు నర్సులు ఇంటర్వ్యూ మధ్యలో తమ ఫోన్లలో అప్పటి మెసేజీలు వెతికి, తేదీలతో సహా చదివి వినిపించారు. ఇద్దరి విషయంలో క్రమం సరిపోయింది. అడగడం మానేసిన సంగతి ముందు, రాజీనామా మాట తర్వాత. మూడో ఆమె మెసేజీల్లో ఆ సంఘటనకు మూడు వారాల ముందే "ఇక్కడ ఉండలేను" అని స్నేహితురాలికి రాసుకుంది. అది చదువుతూ ఆమే ఆశ్చర్యపోయింది! "అవునా, నేను ముందే అనుకున్నానా?" అంది. ఇది దాచుకోవలసిన విషయమా? ఇది పేజీ మీద ఉంటేనే మిగతా ఇద్దరి మాటకు బరువు వస్తుంది. ప్రతికూలంగా వచ్చినదాన్ని కూడా చూపించినవారి మాట పాఠకులు నమ్ముతారు.

రెండోది, ఎవరు లేరన్నది. ఉద్యోగంలో కొనసాగిన ఒక్క నర్సు కూడా ఈ 11 మందిలో లేదు. మాట పడి, అడగడం మానేసి, అయినా పదేళ్లుగా అక్కడే పనిచేస్తున్నవాళ్లు ఉండవచ్చు. వాళ్లు ఉంటే మౌనం ఎవరినీ బయటికి నెట్టకపోవచ్చు, అది ఆ వృత్తిలో అందరూ దాటే ఒక దశ మాత్రమే కావచ్చు. కాబట్టి "నెడుతుంది" అనే క్రియ నిలబడదు. "ముందు వస్తుంది" అన్నది నిలబడుతుంది. చూడండి, 11 అనే అంకెకు దీనితో ఏ సంబంధమూ లేదు. వెళ్లిపోయిన 200 మందితో మాట్లాడినా ఇదే లోటు ఉండేది.

మూడోది, ఎలా దొరికారన్నది. 11 మందిలో 7 మంది ఒకే నర్సు ద్వారా పరిచయమైనవాళ్లు. ఒకే బ్యాచ్, ఇప్పటికీ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. మానేయడం గురించి కలిసి మాట్లాడుకుని, ఒకే కథను ఉమ్మడిగా తయారుచేసుకుని ఉండవచ్చు. దీనికి ఆమె దగ్గరే జవాబు ఉంది. గొలుసు బయట దొరికిన నలుగురిలో ముగ్గురు ఇదే క్రమం చెప్పారు. ఆ ముగ్గురికీ ఈ ఏడుగురితో పరిచయం లేదు. ఈ ఒక్క వాక్యం రాస్తే సందేహం చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. ముగ్గురు ముగ్గురే.

నాలుగోది నాకు చాలా ఇష్టమైనది. పరిశోధకురాలు మాజీ నర్సు అని చెప్పాను కదా. లిఖిత ప్రతులు తిరగేస్తే ఒక మాట పదే పదే కనిపిస్తుంది. "మీకు తెలుసు కదా, మేడమ్." సీనియర్లు ఎలా కోప్పడేవారో చెప్పడం మొదలుపెట్టి, "అదంతా మీకు తెలుసు కదా" అంటారు. ఆమె అవతలి నుంచి "ఊ" అంటుంది. సంభాషణ ముందుకు వెళ్లిపోతుంది. ఆమెకు నిజంగానే తెలుసు, అందుకే అడగలేదు. దాంతో ఆ కోపం ఎలాంటిదో, ఏ మాటలు అన్నారో, పక్కన ఎవరున్నారో రికార్డులో లేదు. ఆమె మాజీ నర్సు కావడం వల్లే కొత్త నర్సులు తమ తప్పులు ఒప్పుకున్నారు, బయటివాళ్లతో ఆ మాట చెప్పేవారు కాదు. సీనియర్ల ప్రవర్తన అస్పష్టంగా మిగిలిపోయిందీ ఆ కారణం వల్లే. "పరిశోధకురాలి పక్షపాతం" అనే రెండు మాటల కింద ఇంత సంగతి దాగి ఉంది.

ఇదంతా కలిపి ఎలా రాస్తామో చదువుతాను. ఇది ఆమె తరఫున నేను రాసిన పేరా.

"ఈ అధ్యయనం ప్రధానంగా చెప్పేది ఒక క్రమం గురించి: ఉద్యోగం వదిలే ముందు అడగడం ఆగిపోయింది. పాల్గొన్నవారితో మాట్లాడింది వారు ఉద్యోగం వదిలిన 1 నుంచి 3 ఏళ్ల తర్వాత కాబట్టి, ఈ క్రమం వారి జ్ఞాపకంలో మరింత స్పష్టంగా రూపుదిద్దుకుని ఉండవచ్చు. ముగ్గురి విషయంలో అప్పటి మెసేజీలతో పోల్చి చూడగలిగాం. ఇద్దరివి ఈ క్రమాన్ని బలపరిచాయి. ఒకరి విషయంలో వదిలేయాలన్న ఆలోచన ముందే మొదలైంది. ఉద్యోగంలో కొనసాగినవారితో మేం మాట్లాడలేదు. అందువల్ల మౌనం ఉద్యోగం మానడానికి దారితీస్తుందా, లేక కొనసాగేవారు కూడా ఈ దశను దాటతారా అన్నది ఈ డేటాతో తేలదు. పాల్గొన్న 11 మందిలో 7 మంది ఒకరికొకరు పరిచయస్తులు. వారితో సంబంధం లేని నలుగురిలో ముగ్గురు కూడా ఇదే క్రమాన్ని వివరించారు. ఇంటర్వ్యూ చేసినవారు మాజీ నర్సు కావడంతో పాల్గొన్నవారు తమ పొరపాట్ల గురించి దాపరికం లేకుండా మాట్లాడారు. అదే కారణంగా సీనియర్ల ప్రవర్తన గురించి లోతుగా అడగడం జరగలేదు. ఆ ప్రవర్తనకు కారణాల గురించి ఈ వ్యాసం ఏమీ చెప్పదు."

నిడివిలో మొదటి పేరాకన్నా పెద్దదే. నేరుగా ఒప్పుకున్న లోపాలు కూడా ఎక్కువే. అయినా దీన్ని చదివితే ఆ అధ్యయనం మీద గౌరవం తగ్గిందా? ఏది ఎంతవరకు నిలబడుతుందో ఇప్పుడు తెలుసు. ప్రతి లోపం ఒక నిర్దిష్టమైన మాటకు కట్టి ఉంది, అది ఎటు లాగుతుందో ఉంది, దాని గురించి ఏం చేశారో ఉంది, చేశాక మిగిలినదీ ఉంది. "చిన్న నమూనా" అన్న మాట ఎక్కడా రాలేదు. భవిష్యత్ పరిశోధకులకు ఇచ్చే సలహా కూడా వేరుగా రాయనక్కర్లేదు. కొనసాగినవారితో మాట్లాడాలని చదివినవారికి తెలిసిపోతోంది.

ఇక్కడితో పని అయిపోలేదు. ఇప్పుడు వ్యాసం మొదటికి వెళ్లాలి. ఆమె శీర్షిక ఏమిటి? "మౌనం నెట్టేస్తుంది: కొత్త నర్సులు ఉద్యోగం ఎందుకు వదిలేస్తున్నారు". పరిమితుల్లో "దారితీస్తుందో లేదో తేలదు" అని రాసి, శీర్షికలో "నెట్టేస్తుంది" అంటే ఎలా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. శీర్షికను "ఉద్యోగం వదిలే ముందు మౌనం" అని మార్చాలి. సారాంశంలో, చర్చలో "కారణం", "ప్రభావం", "దారితీసింది" అన్న మాటలు కంప్యూటర్‌లో వెతికి, ఒక్కొక్కటీ ఉండవచ్చా లేదా అని చూడాలి. "కొత్త నర్సులు" అని ఊరికే రాసిన చోట "మేం మాట్లాడిన నర్సులు" అని ఉండాలేమో చూడాలి. నా అనుభవంలో పరిమితుల విభాగం నిజాయతీ సగం ఆ విభాగంలో ఉండదు, ఫలితాల విభాగంలోని క్రియల్లో ఉంటుంది.

ఈ సంగతి నాకు ఎవరో పాఠం చెబితే తెలియలేదు, నా వైవాలో తెలిసింది. 14 మందితో ఇంటర్వ్యూలు చేశాను. మూడో అధ్యాయం నాకు చాలా గర్వకారణం, ఉల్లేఖనలతో నిండుగా ఉండేది. పరీక్షకులు పెన్సిల్ పట్టుకుని ఆ అధ్యాయం తిప్పుతున్నారు. ప్రతి ఉల్లేఖన పక్కనా టిక్కు పెడుతున్నారు. చివరికి తలెత్తి, "18 ఉల్లేఖనల్లో 11 పి-4, పి-9 చెప్పినవే. ఆ ఇద్దరూ లేకపోతే ఈ అధ్యాయం ఉంటుందా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇద్దరూ బాగా మాట్లాడగలిగినవాళ్లు, వాళ్ల వాక్యాలు అందంగా ఉండేవి, అందుకే వాటినే ఎంచుకుంటూ వచ్చాను. నా పరిమితుల విభాగంలో మాత్రం నమూనా చిన్నదని వినయంగా రాసి ఉంది!

అప్పటి నుంచి నేను రాత మొదలుపెట్టేముందు ఒక పట్టిక వేసుకుంటాను. అడ్డంగా ఇతివృత్తాలు, నిలువుగా పాల్గొన్నవారు. ఎవరి మాట ఎక్కడ వాడానో గీత పెడతాను. ఒక గడిలో గీతలు గుంపుగా కనిపించినా, ఒకరి వరుస పూర్తిగా ఖాళీగా ఉన్నా ఆగి ఆ ఇంటర్వ్యూ మళ్లీ చదువుతాను. ఖాళీ వరుస ఎక్కువ నేర్పుతుంది. ఆ మనిషి మన కథలో ఎందుకు ఇమడలేదు? చాలాసార్లు మన అసలు పరిమితిని చెప్పేది ఆ మనిషే.

ఈ విభాగం ఎక్కడ ఉండాలని కొందరు అడుగుతుంటారు. చర్చలో భాగంగా, ముగింపుకు ముందు పెట్టండి. వ్యాసం చివరి వాక్యం పరిమితి కాకూడదు, మీరు కనుగొన్నది కావాలి. జర్నల్ వేరే చోట అడిగితే అక్కడే పెట్టండి, దాని కోసం గొడవపడనక్కర్లేదు. గుణాత్మక పరిశోధనల నివేదనకు 2014లో వచ్చిన 21 అంశాల ప్రమాణ పట్టికలో విశ్వసనీయత, పరిమితులు రెండూ ఒకే అంశం కింద ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకే చోట రాయమనడం నాకు బాగా నచ్చింది. ఏం చేశారో, ఏం చేయలేకపోయారో పక్కపక్కనే ఉంటాయి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పరిశోధక విద్యార్థి: "మేడమ్, ఇన్ని లోపాలు మేమే రాసిస్తే సమీక్షకులు వాటినే పట్టుకుని తిరస్కరించరా?")

ఒక్కోసారి తిరస్కరిస్తారు, అబద్ధం చెప్పను. కానీ మీ ముఖ్య వాక్యాన్ని ముందే సరైన పరిమాణానికి తగ్గించుకుని ఉంటే ఆ లోపం దాన్ని కూల్చదు. "మౌనమే కారణం" అన్నవారిని "కొనసాగినవాళ్లు ఎక్కడ?" అన్న ఒక్క ప్రశ్న కూలుస్తుంది. "మౌనం ముందు వచ్చింది" అన్నవారిని కూల్చదు. ఇంకొకటి, సమీక్షకులు "11 మందేనా?" అని రాస్తే వెంటనే 12 చాలన్న వ్యాసాన్ని వాళ్ల మీదకు విసరకండి. "మా వాదన ఇది, దీనికి ఈ 11 మంది ఎందుకు సరిపోతారంటే ఇది, ఎక్కడ సరిపోరంటే ఇది" అని రాయండి. వాదన ఈ 11 మందికి నిజంగానే మించిపోయి ఉంటే, సమీక్షకులదే సరి. వాదన తగ్గించండి.

(మరొకరు: "జర్నల్ 150 పదాలే ఇస్తే?")

ముఖ్య వాక్యాన్ని వంచే ఒకటో రెండో ఉంచండి. నా ఉదాహరణలో అయితే కాలం, కొనసాగినవారు లేకపోవడం ఇక్కడ ఉంటాయి. పరిచయాల గొలుసును నమూనా ఎంపిక దగ్గర, మాజీ నర్సు సంగతిని పరిశోధకురాలి పరిచయం దగ్గర రాయవచ్చు. ఎక్కడ రాసినా సరే, దాని ఫలితం కూడా అక్కడే రాయాలి. "పరిశోధకురాలు మాజీ నర్సు" అని రాసి వదిలేస్తే అది జీవిత విశేషం అవుతుంది.

(వెనుక వరుస నుంచి ఒకరు: "నా రికార్డింగ్‌లలో రెండు పోయాయి మేడమ్. గైడ్‌కు కూడా ఇంకా చెప్పలేదు." నవ్వులు)

ముందు గైడ్‌కు చెప్పండి. (నవ్వులు) ఆ రెండు ఇంటర్వ్యూల గురించి నోట్సు రాసుకున్నారా? అదే రాత్రి రాశారా? మంచిది. అయితే ఇలా రాయండి: "రెండు ఇంటర్వ్యూల ఆడియో దెబ్బతింది. వాటికి అదే రోజు రాసుకున్న నోట్సును వాడాం. ఆ ఇద్దరి మాటలను నేరుగా ఉల్లేఖించలేదు, వారి నోట్సు ఆధారంగా మాత్రమే వచ్చిన ఇతివృత్తాన్ని ఏదీ చేర్చలేదు." ఆ చివరి వాక్యం నిజమో కాదో ఈ రాత్రి మీ కోడింగ్ తీసి చూడండి. కాకపోతే వాక్యం మార్చకండి, ఆ ఇతివృత్తాన్ని తీసేయండి.